‘సార్ అర్జెంట్ హెల్ప్’ అని మాత్రమే మెసేజ్ వస్తే: చెరువు గట్టు మీది మనిషి నుంచి విషయం రాబట్టడం ఎలా

మీరు ఆక్వా ల్యాబ్‌లో పనిచేస్తున్నా, మేత కంపెనీ టెక్నీషియన్‌గా తిరుగుతున్నా, ఊళ్లో నలుగురు సలహా అడిగే పాత రైతు అయినా ఈ మెసేజ్ మీ ఫోనుకు వచ్చే ఉంటుంది. “సార్ అర్జెంట్.” రెండు నిమిషాలకు “సార్ ప్లీజ్.” తర్వాత చీకట్లో తీసిన ఫొటో ఒకటి, అందులో ఏమీ కనిపించదు. పేరు ఉండదు, ఊరు ఉండదు, ఏ చెరువో ఉండదు. భీమవరం, ఆకివీడు, మొగల్తూరు, అటు కాట్రేనికోన వైపు రొయ్యల చెరువులున్న ప్రతిచోటా ఇది మామూలే. ఎక్కువగా రాత్రి 2 గంటలకూ తెల్లవారుజాము 6 గంటలకూ మధ్యలో వస్తుంది.

ఆ వేళకే ఎందుకు వస్తుందో ముందు చెప్పాలి, ఎందుకంటే మీరు అడగబోయే మొదటి ప్రశ్నలన్నీ దాని మీదే ఆధారపడతాయి. పగలు ఎండ ఉన్నంతసేపూ నీళ్లలోని ప్లాంక్టన్ ఆక్సిజన్ వదులుతుంది. చీకటి పడ్డాక అదే ప్లాంక్టన్, రొయ్యలు, అడుగున ఉన్న బురద అన్నీ కలిసి ఆ ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. అందుకే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అంటే మనం డీఓ అనేది, తెల్లవారేముందు అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల పైన ఉంటే వెనామీ రొయ్య హాయిగా ఉంటుంది. 3 కంటే తగ్గితే ఇబ్బంది పడుతుంది. 2 కంటే తగ్గితే పైకి తేలి గట్టు అంచులకు చేరుతుంది. ఇంకా పడిపోతే గంటల్లోనే చావులు మొదలవుతాయి. కాపలా కుర్రాడు టార్చి వేసి చూసేసరికి నీటి మీద వేల కళ్లు ఎర్రగా మెరుస్తాయి. వాడికి తెలిసిన మాట ‘అర్జెంట్’ ఒక్కటే, అది టైప్ చేస్తాడు. వివరం రాయలేదని వాడిని తప్పుపట్టడానికి లేదు. చేతులు వణుకుతున్న మనిషి అంతకంటే ఎక్కువ రాయలేడు.

ఇక మీరు చేయాల్సింది చూద్దాం.

మొదటి జవాబు: ఒక మాట, ఒక ప్రశ్న

చూసిన వెంటనే జవాబు ఇవ్వండి. రెండు వాక్యాలకు మించకూడదు. మొదటి వాక్యం మీరు ఉన్నారని చెప్పాలి. రెండోది ఒకే ఒక ప్రశ్న. నేను రాసేది ఇలా ఉంటుంది:

“ఉన్నాను, చెప్పు బాబూ. ఇబ్బంది మనుషులకా, చెరువుకా?”

రైతు అయితే “ఉన్నానండి, చెప్పండి” అంటాను. మాట తీరు మారుతుంది గానీ ప్రశ్న మారదు.

మనుషుల గురించి అడగడం అనవసరం అనిపించవచ్చు. చెరువుల మీద కరెంటు షాకు కొట్టడం, గట్ల మీద పాము కరవడం కొత్త సంగతులు కావు. అలాంటప్పుడూ వచ్చే మెసేజ్ ఇదే: “సార్ అర్జెంట్”. మీరు డీఓ గురించి నాలుగు ప్రశ్నలు వేసేసరికి అక్కడ ఒక మనిషి ప్రాణం మీదికి వస్తుంది. “మనుషులకు” అని జవాబొస్తే టైపింగ్ ఆపేసి ఫోన్ చేయండి. ముందు 108కి చేయించండి. షాకు అయితే మెయిన్ ఆపేదాకా ఎవరూ ఆ మనిషిని పట్టుకోవద్దని, నీళ్లలోకి దిగవద్దని చెప్పండి.

మూడో రకం జవాబు కూడా ఈ మధ్య వస్తోంది: “ముందు కొంచెం డబ్బు పంపండి, తర్వాత చెబుతాను.” తెలిసిన నంబరు నుంచి వచ్చినా సరే, ఆ మనిషికి మామూలు కాల్ చేసి గొంతు వినండి. వాట్సాప్ ఎవరి చేతిలోకి పోయిందో మనకు తెలియదు. మోసమని తేలితే 1930కి చెప్పించండి.

చాలాసార్లు వచ్చేది “చెరువు సార్” అనే జవాబే.

రెండో మెట్టు: అభిప్రాయం కాదు, కంటికి కనిపించేది అడగండి

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి వివరంగా చెబుతాను. దాని వల్ల ఎనిమిది నిమిషాలు పోయాయి.

కార్తీకంలో రెండు రోజులు ముసురు పట్టి ఉన్న సమయం. మొగల్తూరు వైపు ఒక ఎకరన్నర చెరువు. వెనామీ, 62 రోజుల పంట, 60 కౌంటు, అంటే కిలోకు 60 రొయ్యలు. చెరువులో సుమారు 1600 కిలోల సరుకు ఉంటుందని లెక్క. నీళ్లలో గాలి కలిపే రెండేసి హెచ్‌పీల ఏరియేటర్లు నాలుగు. రైతు బంధువుల పెళ్లికి కాకినాడ వెళ్లారు. గట్టు మీద ఇరవై ఏళ్ల కుర్రాడు ఒక్కడే ఉన్నాడు. ఈ వివరాలేవీ అప్పుడు నాకు తెలియవు. ఫోనులో ఉన్నది ఇంతే: 2:47కి “సార్ అర్జెంట్ హెల్ప్”, 2:49కి “సార్”, 2:50కి నల్లటి ఫొటో.

2:52కి నేను పైన చెప్పిన ప్రశ్న వేశాను. “చెరువు సార్ రొయ్య తేలింది” అన్నాడు. నేను “కరెంటు ఉందా?” అని అడిగాను. “ఉంది సార్” అన్నాడు. కరెంటు ఉందంటే ఏరియేటర్లు తిరుగుతున్నాయని నేను అనుకున్నాను. ఇక నీటి రంగు ఎలా ఉంది, పొద్దున మేత ఎంత తిన్నాయి, బురద వాసన ఉందా అని అడుగుతూ పోయాను. వాడు ఒక్కో ప్రశ్నకీ పరుగెత్తి చూసి వచ్చి జవాబు చెబుతున్నాడు. 3 గంటలకు ఎందుకో అనుమానం వచ్చి “ఏరియేటర్లు ఎన్ని తిరుగుతున్నాయి?” అని అడిగాను.

“ఏదీ తిరగట్లేదు సార్. గుయ్యిమంటున్నాయి.”

మోటార్లు తిరగడానికి కావాల్సిన మూడు ఫేజుల్లో ఒకటి పోయింది. షెడ్డులో బల్బు వెలుగుతోంది కాబట్టి వాడి దృష్టిలో కరెంటు ఉంది. వాడు అబద్ధం చెప్పలేదు, నేను అడిగిన ప్రశ్నే సరిగా లేదు. ‘కరెంటు ఉందా’ అనే ప్రశ్నకు జవాబివ్వాలంటే ఫేజుల సంగతి తెలియాలి. ‘ఎన్ని తిరుగుతున్నాయి’ అనే ప్రశ్నకు కళ్లుంటే చాలు.

అప్పటి నుంచి నా మొదటి మూడు ప్రశ్నలు ఎప్పుడూ ఇవే, ఈ వరసలోనే:

“ఏరియేటర్లు మొత్తం ఎన్ని? ఇప్పుడు ఎన్ని తిరుగుతున్నాయి?”

“రొయ్య పైకి తేలిందా? ఒక మూలనా, నాలుగు గట్ల వెంటా?”

“టార్చి వేస్తే గెంతుతోందా, కదలకుండా ఉందా?”

ఒక్కొక్కటి విడివిడి మెసేజ్‌గా పంపండి. జవాబు వచ్చాకే తర్వాతిది పంపాలి. మూడూ ఒకేసారి పంపితే చివరిదానికే జవాబు వస్తుంది. అది దేనికి చెప్పిన జవాబో మీకూ తెలియదు, వాడికీ తెలియదు. ఒక టెక్నీషియన్ మిత్రుడు పదిహేను ప్రశ్నల ఫారం తయారుచేసి, మెసేజ్ రాగానే దాన్ని పంపేవాడు. పగటి పూట ల్యాబ్‌కు వచ్చే రైతుకు అది మంచిదే. రాత్రి 3 గంటలకు గట్టు మీద ఉన్నవాడు దాన్ని చూసి ఫోను జేబులో పెట్టుకుంటాడు.

రొయ్య ఒక మూలనే ఉంటే నీటి కదలిక లేని చోటు ఉందనో, అడుగున ఏదో చెడిందనో అనుమానించవచ్చు. నాలుగు గట్ల వెంటా ఉంటే చెరువంతా ఆక్సిజన్ తగ్గిందని అర్థం. టార్చికి గెంతుతుంటే ఇంకా సత్తువ ఉంది, మీకు కొంత టైము ఉంది. వెలుగు పడినా కదలకపోతే టైము లేదు. ప్రతి జవాబూ మీరు తర్వాత చెప్పబోయే పనిని మార్చాలి. ఏ జవాబు వచ్చినా మీరు చెప్పే పని మారదంటే, ఆ ప్రశ్న ఇప్పుడు వద్దు, పొద్దున అడగవచ్చు.

విషయం పూర్తిగా తెలియకముందే చెప్పదగ్గ రెండు పనులు

కారణం తెలిసేదాకా ఏమీ చెప్పకూడదని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. రొయ్య తేలిందన్నాక, కారణం ఏదైనా హాని చేయని పనులు రెండున్నాయి. మేత ఆపడం, తిరగగలిగిన ఏరియేటర్లన్నీ తిప్పడం. మేత పడితే రొయ్యకు ఇంకా ఎక్కువ ఆక్సిజన్ కావాలి. మిగిలిన మేత కుళ్లి ఉన్న ఆక్సిజన్‌ను తినేస్తుంది. కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు రాగానే “తెల్లవారుజాము మేత వేయవద్దు” అని చెప్పేయవచ్చు.

చేతికి ఒక పని దొరికితే మనిషి కుదుటపడతాడు. “కంగారు పడకు” అనే మాట అంత పని చేయదు. పైగా అవతలి మనిషికి ‘వీళ్లకు నా సంగతి అర్థం కాలేదు’ అనిపిస్తుంది. దాని బదులు “ముందు స్టార్టర్లన్నీ ఆపి వచ్చి చెప్పు” అని రాయండి. వాడు వెళ్లి ఆపి వస్తాడు, “ఆపాను సార్” అని రాస్తాడు. ఆ రెండు మాటల్లోనే మొదటి మెసేజ్‌లో లేని నిలకడ మీకు కనిపిస్తుంది.

స్టార్టర్లు ఎందుకు ఆపించానంటే, ఫేజు పోయిన మోటారు గుయ్యిమంటూ అలాగే ఉంటే కాలిపోతుంది. రేపు ఫేజు వచ్చినా ఏరియేటరు ఉండదు. ఆ తర్వాత రాసినవి ఇవి, ఒక్కొక్కటిగా:

“నీళ్లలో ఎవరైనా ఉంటే గట్టు ఎక్కమను.”

“చేతులు తుడుచుకో, చెప్పులు వేసుకో. మోటార్లను ముట్టుకోకు.”

“జనరేటరు ఉందా? డీజిలు ఎంత ఉంది?”

“చేంజోవరు జనరేటరు వైపు తిప్పి స్టార్ట్ చెయ్. ఏరియేటర్లు ఒక్కొక్కటిగా వెయ్. ఒకటి నిలకడగా తిరిగాకే రెండోది.”

నాలుగూ ఒకేసారి వేస్తే జనరేటరు లాగలేక ఆగిపోతుంది, వాడి ధైర్యం కూడా పోతుంది. ఇలాంటి చోట కారణం కూడా ఒక్క ముక్కలో చెప్పండి. ‘ఒక్కొక్కటిగా’ ఎందుకో తెలియకపోతే తొందరలో ఉన్నవాడు నాలుగూ వేసేస్తాడు.

ఆ జనరేటరు పాతది. మూడు ఏరియేటర్లను లాగింది, నాలుగోది వేయగానే మూలిగింది. మూడే ఉంచమన్నాను. 3:15కి మూడు తిరిగాయి. ఈలోగా రైతుకు ఫోన్ చేసి లేపాను. 1912కి ఫిర్యాదు చేయడం, లైన్‌మన్‌ను పట్టుకోవడం ఆయన పని. ఆ పని కుర్రాడి నెత్తిన పెట్టకూడదు. గట్టు మీద ఒక్కడే ఉన్నప్పుడు వాడిని గట్టు పని తప్ప ఇంకేదీ అడగవద్దు.

‘చాలా’ అనే మాటను లెక్కలోకి తేవడం

తర్వాత సాధారణంగా వచ్చే మెసేజ్ “చాలా చచ్చిపోయాయి సార్”. చాలా అంటే పదీ కావచ్చు, పది బుట్టలూ కావచ్చు. “సరిగ్గా ఎన్ని?” అని అడిగితే గద్దించినట్టు ఉంటుంది. ఎవరూ చీకట్లో లెక్కపెట్టలేరు కూడా. వాడి చేతికి అలవాటైన కొలత ఇవ్వండి: “గట్టు వెంట ఏరితే దోసిలి వస్తాయా, బకెట్టు వస్తాయా, బుట్ట వస్తాయా?”

చచ్చిన రొయ్య ఎక్కువగా అడుగుకు పోతుంది. గట్టు అంచున కనిపించేది అందులో కొంచెమే. అందుకని మేత తిన్నాయో లేదో చూడటానికి నీళ్లలో ఉంచే చెక్ ట్రే ఎత్తి చూడమనండి. ట్రేలో చచ్చినవి ఎన్ని, బతికినవి ఎన్ని అనేది లెక్కపెట్టగలిగిన సంఖ్య. ఆ రాత్రి ట్రేలో బతికినవి పద్నాలుగు, చచ్చినవి రెండు. గట్టు వెంట బకెట్టులో సగం. ‘చాలా’ అన్న మాట విని నా మనసులో కట్టుకున్న బొమ్మ కంటే ఇది ఎంతో నయం. ఆ అంకెలు నేను తిరిగి రాసి పంపితే కుర్రాడికీ అలాగే అనిపించింది.

ఫొటో కావాలంటే ఏ ఫొటో కావాలో చెప్పండి. ఊరికే “ఫొటో పెట్టు” అంటే చచ్చిన రొయ్యల కుప్ప ఫొటో వస్తుంది. దాంతో ఏమీ తెలియదు. నేను అడిగేవి మూడు. నీళ్లు ముంచిన తెల్లటి సీసా, వెనక టార్చి వెలుగు పెట్టి. అరచేతిలో ఒక్క రొయ్య, తల దగ్గరగా. గట్టు వెంట పది సెకన్ల వీడియో, నడవకుండా ఒకచోట నిలబడి.

ఫోను చేయాలా, మెసేజ్‌లోనే నడపాలా అన్నది కూడా ఇక్కడే తేల్చుకోండి. ఏరియేటర్ల హోరులో, సిగ్నలు అందని గట్టు మీద కాల్ సగం వినపడదు. చదవడం రాని మనిషికి టెక్స్ట్ పనికిరాదు. ఇలాంటప్పుడు ఇరవై సెకన్లలోపు వాయిస్ మెసేజ్ మేలు. మళ్లీ మళ్లీ వినవచ్చు. మీ గొంతు నెమ్మదిగా ఉంటే అవతల ఊపిరి కూడా నెమ్మదిస్తుంది. పడుకుని లేచిన గొంతుతో వెంటనే మాట్లాడకండి. రెండు గుక్కల నీళ్లు తాగి అప్పుడు రికార్డు చేయండి. లేకపోతే మీ బొంగురు గొంతు వాడికి కోపంలా వినిపిస్తుంది.

చెప్పకుండా దాచిన సంగతి

అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. అర్జెంటు మెసేజ్‌లలో చాలావాటి వెనక చెప్పని సంగతి ఒకటి ఉంటుంది. నిన్న చెరువులో ఏదో వేసి ఉంటారు. షాపులో ఎవరో ఇచ్చారు, పక్క రైతు వేశాడు, వీళ్లూ వేశారు. తిడతారేమోనని చెప్పరు.

ఆ రాత్రి పక్క చెరువు రైతు మీటరు తెచ్చాడు. 3:20కి డీఓ 1.6. 4:10కి 2.2. మూడు ఏరియేటర్లంటే ఆరు హెచ్‌పీ. ఒక హెచ్‌పీకి 400 నుంచి 500 కిలోల సరుకు అని మనం మోటు లెక్క వేసుకుంటాం కదా. ఆ లెక్కన 1600 కిలోలకు ఆరు హెచ్‌పీ మిగులుతుంది కూడా. యాభై నిమిషాలు తిరిగాక ఇంకొంచెం పైకి రావాలి. రాలేదు. అంటే రొయ్యలు కాక ఇంకేదో ఆ చెరువులో ఆక్సిజన్ తింటోంది.

ఇక్కడ “నిన్న ఏం వేశావు నిజం చెప్పు” అని రాసి ఉంటే “ఏమీ వేయలేదు సార్” అని వచ్చేది. నేను రాసింది ఇది:

“బాబూ, ఇప్పటిదాకా బాగా చేశావు, మూడూ తిరుగుతున్నాయి. నిన్న, మొన్న చెరువులో మందు గానీ సున్నం గానీ ఏది వేసినా ఫర్వాలేదు. అది తెలిస్తే దానికి తగ్గట్టు పొద్దున ఏం చేయాలో చెబుతాను. డబ్బా ఉంటే ఫొటో పెట్టు.”

ఈ మెసేజ్‌లో మూడు సంగతులు గమనించండి. ‘వేశావా’ అని అడగలేదు, వేసే ఉంటారన్నట్టు ‘ఏది వేసినా’ అని అడిగాను. దానికి కాదనడం కష్టం, చెప్పేయడం సులువు. ఎందుకు అడుగుతున్నానో చెప్పాను. పేరు రాయమనలేదు, డబ్బా ఫొటో అడిగాను. మందు పేరు తప్పు చెప్పే అవకాశం అక్కడితో పోతుంది. ఇక ‘బాగా చేశావు’ అన్నది ఊరికే అన్న మాట కాదు, వాడు నిజంగానే బాగా చేశాడు. చేయని పనికి ఆ మాట రాయకండి, కుర్రాళ్లకు తెలిసిపోతుంది.

మూడు నిమిషాలు జవాబు లేదు. నేను మళ్లీ అడగలేదు. ప్రశ్న గుర్తులు పెట్టి పొడవలేదు. అప్పుడు డబ్బా ఫొటో వచ్చింది, బీకేసీ అనే క్రిమినాశక మందు. నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా ఉన్నాయని, ‘రంగు కోయడానికి’ నిన్న మధ్యాహ్నం వేయించారు. మబ్బు పట్టి ఉన్న రోజున ప్లాంక్టన్ ఒక్కసారిగా చచ్చింది. చచ్చినదంతా కుళ్లుతూ ఆక్సిజన్ తింటోంది. పైన ఫేజు పోవడం ఇంకో దెబ్బ.

ఈ ఒక్క సంగతి తెలియడంతో నా సలహా మారిపోయింది. తెలియకపోతే పొద్దెక్కాక డీజిలు ఖర్చు తగ్గించడానికి ఒక ఏరియేటరు ఆపుకోమని చెప్పేవాడినే. మామూలుగా ఎండ రాగానే ప్లాంక్టన్ ఆక్సిజన్ అందుకుంటుంది. ఇక్కడ అందుకోవడానికి ప్లాంక్టన్ లేదు. కాబట్టి రోజంతా అన్నీ తిప్పమన్నాను, మధ్యాహ్నం దాకా మేత వద్దన్నాను, సాయంత్రం ట్రేలు చూసి సగం మేతతో మొదలుపెట్టమన్నాను. చచ్చిన ప్లాంక్టన్ వల్ల ఒకటి రెండు రోజుల్లో అమ్మోనియా పెరుగుతుంది కాబట్టి మర్నాడూ, మూడో రోజూ నీళ్లు ల్యాబ్‌కు తెమ్మన్నాను. షెడ్డులో ఆక్సిజన్ బిళ్లలు ఉంటే రొయ్య గుంపుగా ఉన్న చోట వేయమన్నాను. అవి కొద్దిసేపటి ఊరటే, ఏరియేటరుకు బదులు కావని కూడా రాశాను.

బీకేసీ ఎవరిచ్చారని ఆ రాత్రి అడగలేదు. వారం తర్వాత ల్యాబ్‌కు వచ్చినప్పుడు రైతుతో కూర్చుని మాట్లాడాను. మబ్బు రోజున అలాంటి మందు వేయడం ఎందుకు ప్రమాదమో అప్పుడు చెప్పాను, ఆయన శ్రద్ధగా విన్నారు. రొయ్య తేలిన రాత్రి అదే మాట చెబితే ఆయనకు తిట్టులా వినిపించేది, మళ్లీ ఇబ్బంది వస్తే నాకు మెసేజ్ పెట్టేవారు కాదు.

6 గంటలకు డీఓ 2.9. ఫేజు 7:30కి వచ్చింది, నాలుగో ఏరియేటరూ తిరిగింది. మధ్యాహ్నానికి 4 దాటింది. వల వేసి అడుగు చూసుకుంటే నలభై కిలోల దాకా పోయిందని తేలింది.

పగలు వచ్చే ‘అర్జెంట్’: ఇక్కడ దారి వేరు

పట్టపగలు ‘అర్జెంట్’ వచ్చి, ఏరియేటర్లన్నీ తిరుగుతూ, రొయ్య గట్టు వారకు వచ్చి చస్తోందంటే ఆక్సిజన్ కథ కాకపోవచ్చు. ఒళ్లు ఎర్రబడటం, పేగు ఖాళీగా ఉండటం, తల పెంకు మీద తెల్ల మచ్చలు కనిపిస్తే మీకూ వైట్ స్పాట్ వైరస్ జబ్బు గుర్తొస్తుంది. ఆ మాట మెసేజ్‌లో రాయకండి. పెంకు మీద మచ్చలు వేరే కారణాలతోనూ వస్తాయి. ఫొటో చూసి తేల్చేది కాదు, పీసీఆర్ పరీక్ష చేయాలి. మీరు రాసిన ఒక్క పదం గంటలో ఊరి గ్రూపులన్నీ తిరుగుతుంది. కొనేవాళ్లు రేటు తగ్గిస్తారు, పక్క రైతులు భయపడి పట్టుబడులు మొదలుపెడతారు.

అలాగని ఏమీ లేదని కూడా రాయకూడదు. నేను రాసేది: “ఇది ఫొటోలో తేలదండి. నీరసంగా ఉండి ఇంకా బతికే ఉన్న రొయ్యలు పదీ పన్నెండు ఈ పూటే ల్యాబ్‌కు పంపండి. నిన్న చచ్చినవి వద్దు. రిపోర్టు వచ్చేదాకా ఈ చెరువు నీళ్లు కాలవలోకి వదలకండి. ఇక్కడి వల, ట్రేలు వేరే చెరువులో పెట్టకండి.” వైరస్ అయినా కాకపోయినా ఈ జాగ్రత్తలు సరిపోతాయి. నీళ్లు వదలవద్దనేది గట్టిగా చెప్పండి. మన డెల్టాలో ఒకరు వదిలిన మురుగు కాలవే పక్కవారికి తోడుకునే నీరు అవుతుంది.

మీ వైపు నుంచి జారే మాటలు

“ముందే ఎందుకు చెప్పలేదు?”, “నేను ఆ రోజే చెప్పానుగా”, “ఇలా అడిగితే ఎలా తెలుస్తుంది?” ఈ మూడూ నిద్ర మధ్యలో లేచిన మనిషి నోట సులువుగా వచ్చేస్తాయి. నేనూ రాసి చెరిపినవే. వాటి బదులు తర్వాతి ప్రశ్న వేయండి, అదే చాలు. ఆశ్చర్యార్థకాలు, ఏడుపు బొమ్మలు, “అయ్యయ్యో” కూడా వద్దు. మీరు భయపడ్డారని తెలిస్తే అవతల ఇంకా ఎక్కువ భయపడతారు.

మీకు తెలియనిది అడిగినప్పుడు “తెలుసుకుని 20 నిమిషాల్లో చెబుతాను” అని రాయండి. 20 నిమిషాలకు ఏమీ తెలియకపోయినా “ఇంకా చూస్తున్నాను” అని ఒక్క మాట పంపండి. గట్టు మీద ఒంటరిగా ఉన్నవాడు ఫోను వైపే చూస్తుంటాడు. మీ దగ్గర నుంచి చప్పుడు లేకపోతే ఇంకో నలుగురికి ‘అర్జెంట్’ పెడతాడు, నాలుగు సలహాలూ వింటాడు, నాలుగు మందులూ చెరువులో పడతాయి.

తెల్లారాక

ఆ వారంలో నేను ఆ షెడ్డుకు వెళ్లినప్పుడు ఒక అట్ట మీద స్కెచ్‌పెన్నుతో ఐదు వరసలు రాసి, స్టార్టర్ బోర్డు పక్కన కట్టి వచ్చాను. చెరువు నంబరు. ఏరియేటర్లు ఎన్నింటికి ఎన్ని. రొయ్య పైన ఉందా లేదా. డీఓ, టైము. నిన్న ఏం వేశారు. కింద 108, 1912, రైతు నంబరు, పక్క చెరువు రైతు నంబరు. ఇబ్బంది రాని రోజున అడిగితే కుర్రాళ్లు చక్కగా నేర్చుకుంటారు. మెసేజ్ ఎలా పెట్టాలో ఒకసారి నా ముందే టైప్ చేయించి పంపించుకున్నాను కూడా.

సంక్రాంతికి ముందు, ఒక తెల్లవారుజామున 4:20కి ఆ నంబరు నుంచే మళ్లీ మెసేజ్ వచ్చింది. “సార్ అర్జెంట్. 2వ చెరువు. 4లో 3 తిరుగుతున్నాయి ఒకటి బెల్టు తెగింది. రొయ్య పైకి లేదు. డీఓ 3.1. నిన్న ఏమీ వేయలేదు. మేత ఆపాను.” నేను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే మిగిలింది: “వేరే బెల్టు షెడ్డులో ఉందా?”